పరీక్ష హాల్లో పానిక్ అటాక్ వస్తుందని మేడమ్ గారికి ఎలా రాయాలి?

ప్రశ్న: నేను గుంటూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మొదటి మిడ్‌లో పేపరు మొదలైన ఇరవై నిమిషాలకు గుండె దడదడలాడి, వేళ్లు తిమ్మిరెక్కి, ఊపిరాడక బయటికి వచ్చేశాను. మళ్లీ లోపలికి రానివ్వలేదు. సైకియాట్రిస్టు పానిక్ అటాక్స్ అన్నారు. నెలన్నరగా మందులు, కౌన్సెలింగ్ నడుస్తున్నాయి. మూడు వారాల్లో రెండో మిడ్ ఉంది. సబ్జెక్టు మేడమ్ గారికి ఉత్తరం రాద్దామని కూర్చుంటే నాలుగు పేజీలయింది. ఎంత చెప్పాలి, ఏమడగాలి? నాటకం అనుకుంటారేమో, రికార్డులో పడిపోతుందేమో అని భయంగా ఉంది.
– ఒక విద్యార్థిని

జవాబు: ఆ నాలుగు పేజీలను చింపివేయకండి. వచ్చేసారి వెళ్లినప్పుడు వాటిని మీ డాక్టరుగారికి చూపించండి, అవి అక్కడ ఎంతో పనికివస్తాయి. మేడమ్ గారికి వెళ్లవలసింది మాత్రం ఒక్క పేజీ. పరీక్షల విభాగంలో చాలా ఏళ్లు కూర్చుని ఇలాంటి ఉత్తరాలు చదివినవాడిని కనుక చెబుతున్నాను: పెద్ద ఉత్తరం చదివిన అధ్యాపకుల మనసు కరుగుతుంది గానీ, రేపు హాల్లో తాము ఏం చేయాలో వారికి అర్థం కాదు. హాల్లో ఏం జరుగుతుంది, అప్పుడు ఎవరు ఏం చేస్తే సరిపోతుంది, దానికి డాక్టరు మాట ఏమిటి అన్న మూడు సంగతులు దొరికితే వారు వెంటనే కలం తీసి సంతకం పెట్టగలరు.

ముందుగా, మేడమ్ గారి చేతిలో ఏముందో చూద్దాం. మిడ్ పరీక్ష కాలేజీ సొంతంగా జరుపుకునేది కాబట్టి సబ్జెక్టు అధ్యాపకులు, హెచ్‌ఓడీ, కాలేజీ పరీక్షల ఇన్‌చార్జి కలిసి చాలావరకు నిర్ణయించుకోగలరు. సెమిస్టర్ చివరి పరీక్ష అలా కాదు. అది విశ్వవిద్యాలయం నిబంధనల ప్రకారం, అటానమస్ కాలేజీ అయితే ఆ కాలేజీ కంట్రోలర్ గారి ఉత్తర్వుల ప్రకారం నడుస్తుంది. అందులో ఒక్క నిమిషం అదనంగా ఇవ్వడానికి కూడా మేడమ్ గారికి అధికారం ఉండదు. ఈ తేడా తెలియక చాలామంది పిల్లలు రెండింటినీ ఒకే ఉత్తరంలో అడుగుతారు. తన చేతిలో లేనిదాన్ని చూసి వెనకడుగు వేసిన అధ్యాపకులు, తన చేతిలో ఉన్నదాన్ని కూడా పక్కన పెట్టేస్తారు. అందువల్ల ఇప్పటి ఉత్తరంలో రెండో మిడ్ గురించి మాత్రమే అడగండి. సెమిస్టర్ పరీక్షల కోసం ప్రిన్సిపాల్ గారి ద్వారా వేరే అర్జీ పెట్టుకోవాలి. దాన్ని నోటిఫికేషన్ వచ్చి, ఫీజు కట్టే రోజుల్లోనే ఇవ్వాలి గానీ హాల్ టికెట్లు చేతికి వచ్చాక కాదు. మిడ్‌లో ఇచ్చిన ఏర్పాటు కాగితం మీద ఉంటే, ఆ అర్జీకి అదే మంచి ఆధారమవుతుంది.

ఇక ఏమడగాలన్నది అసలు విషయం. మీకు వచ్చినట్టి అటాక్ సాధారణంగా కొద్ది నిమిషాల్లోనే తారస్థాయికి చేరుతుంది, చాలామందిలో ఇరవై ముప్పై నిమిషాల్లో దిగిపోతుంది. ఆయాసపడుతూ గబగబా ఊపిరి తీయడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. వేళ్ల తిమ్మిరి, తల తిరగడం ఎక్కువగా దాని వల్లనే వస్తాయి. ప్రాణం పోతుందనిపించినా, పానిక్ అటాక్ దానంతట అదే ప్రాణం తీసేది కాదు. గుండె, థైరాయిడ్, రక్తహీనత వంటి కారణాలు ఉన్నాయేమో మీ డాక్టరుగారు చూసే ఉంటారు. చూడకపోతే ఒకసారి అడగండి. దీన్నిబట్టి పరీక్ష కోణంలో మీ ఇబ్బంది ఏమిటో తేలుతుంది. మీకు చదువు రాకపోవడం కాదు, రెండు గంటల పేపరులో అరగంట చేతిలోంచి జారిపోవడం, పైగా ఒకసారి గుమ్మం దాటితే తిరిగి రానివ్వకపోవడం. అడిగేది సరిగ్గా ఈ రెండింటికే సరిపోవాలి.

నా లెక్కలో మీరు మూడు అడగాలి. మొదటిది, గుమ్మానికి దగ్గరలో చివరి వరుస సీటు. నలుగురినీ దాటుకుని వెళ్లవలసిన అవసరం లేదని తెలిస్తేనే సగం భయం తగ్గుతుందని ఆ సీట్లో కూర్చున్న పిల్లలు నాతో చెప్పారు. రెండోది, అటాక్ మొదలైనప్పుడు వరండాలోకి వెళ్లి పది నిమిషాలు నిలబడి తిరిగి వచ్చే అనుమతి. మూడోది, బయట గడిపిన నిమిషాలను చివర్లో తిరిగి ఇవ్వడం. ఇది అందరికంటే ఎక్కువ సమయం అడగడం కాదు, పోయిన సమయాన్ని మాత్రమే తిరిగి అడగడం. ఈ తేడాను ఉత్తరంలో స్పష్టంగా రాస్తే, మిగతా విద్యార్థులకు అన్యాయం జరుగుతుందేమో అన్న సందేహం మేడమ్ గారికి రాదు.

బయటికి పంపాలంటే ఏ కాలేజీకైనా వచ్చే మొదటి భయం కాపీ. దానికి జవాబు కూడా మీరే ముందుగా ఇవ్వండి. లేచేటప్పుడు ఆన్సర్ బుక్‌లెట్, ప్రశ్నపత్రం మూసి ఇన్విజిలేటర్ చేతికి ఇస్తాను, వెళ్లిన సమయం, వచ్చిన సమయం వారు రాసి సంతకం చేయవచ్చు, బయట ఒక సిబ్బంది నా పక్కన నిలబడవచ్చు, పుస్తకం గానీ ఫోను గానీ నా దగ్గర ఉండవు అని రాయండి. నాటకం అనుకుంటారేమో అన్న మీ భయానికి కూడా నాకు తెలిసిన మంచి మందు ఇదే. నాటకమాడేవాళ్లు తమ మీద కాపలా పెట్టమని అడగరు.

పరీక్ష నుంచి మినహాయింపు మాత్రం అడగకండి. ఈ విషయంలో నేను చేసిన పొరపాటు ఒకటి ఇంకా గుర్తుంది. చాలా ఏళ్ల కిందట ఒక కుర్రవాడు సరిగ్గా మీలాగే వణుకుతూ నా గదికి వచ్చాడు. మిడ్ రాయలేనని ఉత్తరం ఇచ్చాడు. జాలిపడి, మరో రోజు ఒంటరిగా రాసే ఏర్పాటు చేయించాను. మేలు చేశాననే అనుకున్నాను. తరువాతి సెమిస్టర్‌కి ఆ అబ్బాయి పరీక్షలు జరిగే వరండాలోకే అడుగుపెట్టలేకపోయాడు. ఆ తరువాత అతని డాక్టరుగారు నాకు విడమరిచి చెప్పారు: తప్పించుకున్న ప్రతిసారీ, ‘అక్కడ నిజంగానే ప్రమాదముంది, బయటపడ్డాను కాబట్టి బతికాను’ అని శరీరం నేర్చుకుంటుంది. అదే హాల్లో ఉండి, అటాక్ పెరిగి దానంతట అదే దిగిపోవడం చూసినప్పుడు మాత్రమే ఆ పాఠం చెరుగుతుంది. వైద్యంలో భాగంగా చేయించే అభ్యాసం కూడా ఇదేనట. ఆ తరువాత అతనికి గుమ్మం పక్కన సీటు, పది నిమిషాల వరండా ఇచ్చాం. మొదటి పేపరులో రెండుసార్లు లేచాడు. మూడో పేపరులో ఒకసారి గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చి కూర్చున్నాడు. చివరి రెండు పేపర్లలో లేవలేదు. వేరే గది అడగమని కొందరు మీకు చెబుతారు. కొందరికి అది నయం, మరికొందరికి ఒక్క ఇన్విజిలేటర్ తమనే చూస్తూ కూర్చున్న ఆ నిశ్శబ్దం ఇంకా కష్టం. దాన్ని మీ డాక్టరుగారితో మాట్లాడి తేల్చుకోండి.

డాక్టరుగారి సర్టిఫికెట్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ అర్జీలు ఆగిపోయేది అక్కడే. ‘ఆందోళనతో బాధపడుతున్నారు, విశ్రాంతి అవసరం’ అని రాసిన కాగితం సెలవుకు పనికివస్తుంది గానీ పరీక్ష ఏర్పాటుకు పనికిరాదు. విశ్రాంతి అవసరమైన మనిషి పరీక్ష ఎందుకు రాస్తున్నట్టు అని ఎవరైనా అడుగుతారు. ఏ తేదీ నుంచి తన దగ్గర వైద్యం పొందుతున్నారు, పరీక్ష సమయంలో ఏం జరిగే అవకాశముంది, పరీక్ష రాయడానికి ఆమె సమర్థురాలే, ఫలానా ఏర్పాటు అవసరమని సూచిస్తున్నాను, ఈ సూచన ఫలానా తేదీ వరకు వర్తిస్తుంది అన్న మాటలు అందులో ఉండాలి. సంతకం, తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు తప్పనిసరి. మందుల చీటీ జతచేయనవసరం లేదు. ఏ మందు, ఎంత మోతాదు, ఇంట్లో ఏం జరిగింది అన్న సంగతులు కాలేజీకి అక్కరలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీ వైద్య వివరాల గోప్యతను మీ హక్కుగా గుర్తించింది, కాబట్టి మీ అనుమతి లేకుండా కాలేజీవారు డాక్టరుకు ఫోను చేసి వివరాలు రాబట్టే వీలు మామూలుగా ఉండదు. రికార్డు విషయానికి వస్తే, ఉత్తరం హెచ్‌ఓడీ ఫైలులోనో, పరీక్షల విభాగంలోనో ఉంటుంది. మార్కుల మెమోలో గానీ, టీసీలో గానీ ఇలాంటి ఏర్పాటును రాయడం నేనెన్నడూ చూడలేదు. అయినా గోప్యంగా ఉంచమని ఉత్తరంలోనే ఒక వాక్యం రాయడం మంచిది, తరగతిలో అందరి ముందూ అడిగే అధ్యాపకులు కూడా ఉంటారు గనుక.

ఉత్తరం ఈ విధంగా ఉండవచ్చు. మీ కాలేజీలో అర్జీలు ఇంగ్లిషులో రాసే అలవాటుంటే ఇంగ్లిషులోనే రాయండి, కానీ ముందు తెలుగులో రాసుకుని చూసుకుంటే అనవసరమైన మాటలు రాలిపోతాయి.

విషయం: రెండో మిడ్ పరీక్షలో సీటు, స్వల్ప విరామం కోసం అభ్యర్థన

గౌరవనీయులైన మేడమ్ గారికి నమస్కారాలు.

నేను మూడో సంవత్సరం ఈసీఈ, ‘బి’ సెక్షన్ విద్యార్థినిని. నాకు పానిక్ అటాక్స్ వస్తున్నాయి. వాటికి నెలన్నరగా సైకియాట్రిస్టు వద్ద చికిత్స తీసుకుంటున్నాను. మొదటి మిడ్‌లో మీ సబ్జెక్టు పేపరు రాస్తుండగా, మొదలైన ఇరవై నిమిషాలకు గుండెదడ, వేళ్ల తిమ్మిరి, ఊపిరి అందకపోవడం వచ్చి హాలు విడిచి వెళ్లాను. తిరిగి రాయలేకపోయాను.

ఇలా వచ్చినప్పుడు సుమారు పది నిమిషాలు బయట గాలిలో నిలబడితే నేను మళ్లీ రాయగలుగుతాను. అందువల్ల రెండో మిడ్‌కు గుమ్మం దగ్గర సీటు, అవసరమైతే పది నిమిషాలు మించకుండా వరండాలోకి వెళ్లే అనుమతి, అలా గడిచిన నిమిషాలను పరీక్ష చివర్లో ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. వెళ్లేటప్పుడు బుక్‌లెట్‌ను, ప్రశ్నపత్రాన్ని ఇన్విజిలేటర్ గారికి అప్పగిస్తాను. సమయాలు నమోదు చేయడానికి, సిబ్బంది నా వెంట ఉండడానికి నాకు అభ్యంతరం లేదు. అందరూ రాసే పేపరే, అదే రోజు, అదే హాల్లో రాస్తాను.

డాక్టరుగారి సర్టిఫికెట్ జతచేశాను. ఈ విషయాన్ని అవసరమైన వారికి మాత్రమే తెలియజేయవలసిందిగా మనవి. మీకు వీలైన సమయంలో ఐదు నిమిషాలు కలిసి మాట్లాడగలను. హెచ్‌ఓడీ గారి అనుమతి అవసరమైతే, ఈ ఉత్తరాన్ని వారికి పంపవలసిందిగా ప్రార్థన.

ఇట్లు, మీ విద్యార్థిని
(పేరు, హాల్ టికెట్ నంబరు, తేదీ)

ఇందులో ‘దయచేసి నన్ను కాపాడండి’ అన్న మాట లేదు, క్షమాపణ లేదు, మొదటి మిడ్ ఇన్విజిలేటర్ మీద ఫిర్యాదు లేదు. ఆ రోజు ఆయన నిబంధన పాటించారు. ఆయన మీద రాస్తే ఉత్తరం మీ అవసరం నుంచి వారి తగవులోకి జారిపోతుంది. పోయిన మిడ్ మార్కుల సంగతి కూడా ఇందులో కలపలేదు. మొదటి మిడ్‌కు ప్రత్యామ్నాయ పరీక్ష పెట్టే వీలు మీ రెగ్యులేషన్‌లో ఉందో లేదో మేడమ్ గారిని కలిసినప్పుడు నోటితో అడగండి. ఉంటే దానికి వేరే కాగితం ఇవ్వవచ్చు.

ఉత్తరాన్ని ఈ వారంలోనే మెయిల్ చేసి, ఒక ప్రతిని చేతికి ఇవ్వండి. మూడు రోజుల్లో జవాబు రాకపోతే గుర్తుచేయండి. తోటివాళ్లు లేని సమయం చూసుకుని, స్టాఫ్ రూములో కాకుండా మేడమ్ గారి క్యాబిన్‌లో కలిసే ప్రయత్నం చేయండి. మాట్లాడేటప్పుడు గొంతు వణికినా ఫర్వాలేదు, ఉత్తరం చేతికిచ్చి ‘ఇందులో రాశాను మేడమ్’ అంటే చాలు.

కుదరదంటే ఏమిటన్న ప్రశ్న మీకు వచ్చి తీరుతుంది కాబట్టి చట్టం గురించి రెండు మాటలు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నిర్దేశించిన 21 రకాల వైకల్యాల్లో మానసిక అనారోగ్యం కూడా ఉంది. అయితే పానిక్ అటాక్ వచ్చిన ప్రతివారూ ఆ నిర్వచనంలోకి రారు. దైనందిన జీవితాన్ని తీవ్రంగా దెబ్బతీసే స్థాయిలో ఉన్నప్పుడే ఆ ప్రశ్న వస్తుంది, దాన్ని డాక్టరు తేల్చాలి. రిజర్వేషన్ వంటి వాటికి కావలసిన 40 శాతం వైకల్యం ఉందన్న సర్టిఫికెట్ లేనంత మాత్రాన పరీక్షలో సహేతుకమైన వెసులుబాటును నిరాకరించకూడదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, రాసేటప్పుడు చేయి పట్టేసే ఇబ్బంది ఉన్న ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో చెప్పింది. ఇక 2025 జులైలో, విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణానికి సంబంధించిన కేసులో, వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో నియమించాలని అదే కోర్టు ఆదేశించింది. కాబట్టి మీ కాలేజీలో కౌన్సెలర్ ఎవరని అడిగే హక్కు మీకుంది. మేడమ్ గారు వెనకాడితే ఆ కౌన్సెలర్ చేత హెచ్‌ఓడీ గారితో ఒక మాట చెప్పించవచ్చు. కానీ మొదటి ఉత్తరంలో ఈ తీర్పులేవీ రాయవద్దు. సాయం చేయాలనుకుంటున్న మనిషికి ముందే చట్టం చూపిస్తే, ఆమె ఉత్తరాన్ని తన బల్ల మీద నుంచి తీసి పైవారికి పంపి చేతులు దులుపుకొంటారు. నిరాకరణ కాగితం మీద వచ్చాక, ప్రిన్సిపాల్ గారికి ఇచ్చే అర్జీలో వాటిని ఉదహరించండి.

అనుమతి వచ్చాక కూడా ఒక ప్రమాదం మిగిలి ఉంటుంది. నేను పైన చెప్పిన కుర్రవాడికి ఏర్పాటు మంజూరైన రోజునే, రెండో పూట ఇన్విజిలేటర్ మారారు. అనుమతి కాగితం నా సొరుగులో ఉంది, అతను గుమ్మంలో నిలబడి ఉన్నాడు, లోపల ఎవరికీ ఏమీ తెలియదు. నేను పరుగెత్తుకుని వెళ్లేసరికి పన్నెండు నిమిషాలు పోయాయి. అందువల్ల అనుమతి ప్రతిని హాల్ టికెట్‌తో పాటు మీరే పట్టుకెళ్లండి. బెల్లు కొట్టడానికి పావుగంట ముందే వెళ్లి, ఇన్విజిలేటర్ గారికి దాన్ని చూపించి, ‘సార్, ఒకవేళ నేను చెయ్యెత్తితే దీనికోసమే’ అని చెప్పండి. హాల్లో సంకేతంగా చెయ్యెత్తడమే చాలు, వివరించవలసిన పని లేదు.

మందుల విషయంలో ఒక్క హెచ్చరిక. రోజూ వాడే మందును పరీక్ష రోజు మానవద్దు. ‘దడ తగ్గుతుంది’ అని స్నేహితులో, బంధువులో ఇచ్చిన మాత్రను ఆ ఉదయం వేసుకోవద్దు. ఆందోళన తగ్గించే కొన్ని మాత్రలు నిద్రమత్తు తెచ్చి, చదివింది గుర్తుకు రాకుండా చేస్తాయి. అవసరానికి వేసుకోమని మీ డాక్టరుగారే ఏదైనా ఇచ్చి ఉంటే, పరీక్ష లేని ఒక రోజున ముందుగా వేసుకుని చూడవచ్చా అని వారిని అడగండి. ఈ మూడు వారాల్లో ఏ రాత్రయినా భరించలేనంత ఇబ్బందిగా ఉండి డాక్టరు అందుబాటులో లేకపోతే, ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక, మొదటి పనిగా సర్టిఫికెట్ కోసం డాక్టరుగారి అపాయింట్‌మెంట్ తీసుకోండి. అది చేతికి రావడానికే ఒక్కోసారి వారం పడుతుంది. ఈలోగా ఉత్తరం రాసి పెట్టుకుని, మీ ఇంట్లో మీరు నమ్మే ఒక మనిషికి చదివి వినిపించండి. విన్నవారు ‘అయితే హాల్లో నిన్ను పది నిమిషాలు బయటికి పంపితే చాలా?’ అని అడిగితే ఉత్తరం సిద్ధమైనట్టే. ‘అయ్యో, ఎంత కష్టపడ్డావమ్మా’ అని మాత్రమే అంటే, ఇంకొక్కసారి తిరగరాయండి.